ఉట్నూర్ బోరు నీళ్లకు ఏ నల్లా ఆగుతుంది? కొనే ముందు మూతి విప్పి చూడండి

ఫజర్ వేళ వుజూకు నల్లా తిప్పితే సన్నటి ధార రెండు పాయలుగా చీలి గోడ మీదికి చిమ్ముతుంది. నల్లా పెట్టి ఏడాది కూడా కాలేదు. మూతి దగ్గరున్న చిన్న జాలిని ప్లంబర్ విప్పి చూపిస్తే దాని నిండా తెల్లటి పెచ్చులే. కడిగి బిగిస్తే కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ అదే కథ. ఉట్నూర్ వైపు బోరు నీళ్లతో నడిచే ఇళ్లకు ఇది కొత్త సంగతి కాదు. విసిగిపోయి ఈసారి ఇంకా ఖరీదైన నల్లా తెస్తారు. కొన్ని నెలలకు దాని మూతి కూడా మూసుకుపోతుంది. ధర పెరిగింది గాని, లోపల జాలి అదే రకంది మరి.

ఉట్నూర్ ప్రాంతంలో భూమి కింద చాలాచోట్ల నల్ల బసాల్ట్ రాయి ఉంది. వాన నీళ్లు మట్టిలోంచి, రాతి పగుళ్లలోంచి దిగుతూ కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుంటాయి. బోరులోంచి పైకి వచ్చేటప్పుడు ఆ నీళ్లు అద్దంలా తేటగానే కనబడతాయి. సబ్బు సరిగా నురగ రాదు, బకెట్ అంచున తెల్లటి చార మిగులుతుంది. అదే గుర్తు. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఈ కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకనిచోట 600 దాకా ఒప్పుకుంటారు. బాత్రూం నల్లాకు అలాంటి ప్రమాణం ఏదీ లేదు. కానీ 200 దాటిన నీళ్లతో జాలి గొడవ మొదలవుతుందని అనుకోవచ్చు.

అన్నింటికంటే ముందు జాలే ఎందుకు మూసుకుంటుంది? ఏరేటర్ అనే ఈ జాలి చేసే పని నీళ్లలో గాలి కలపడం. అలా కలిపితే ధార తెల్లగా, మెత్తగా పడుతుంది, చిమ్మదు. సరిగ్గా అక్కడే నీళ్లలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ కొంత బయటికి పోతుంది. అది పోయినప్పుడు కాల్షియం ఇక కరిగి ఉండలేక సున్నపు పొరగా మారి పక్కనున్న దానికి అంటుకుంటుంది. నల్లా కట్టేశాక జాలి రంధ్రాల్లో నిలిచిన చుక్కలు ఆరిపోయి ఇంకో పొర వేస్తాయి. రోజుకు పదిసార్లు తడిసి పదిసార్లు ఆరే సన్నటి లోహపు తీగల మీద పొర కట్టకుండా ఉండదు.

కాబట్టి కొనేముందు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న బ్రాండ్ గురించి కాదు, ఈ నల్లాకు అసలు జాలి కావాలా అని. బాత్రూంలో నల్లాలు రెండు రకాల పనులు చేస్తాయి. బకెట్, లోటా నింపే నల్లాకు జాలితో పని లేదు. ధార ఎలా పడ్డా బకెట్లోనే పడుతుంది. అక్కడ మూతి తెరిచి ఉన్న మామూలు ఇత్తడి బిబ్ కాక్ తీసుకుంటే సగం తలనొప్పి పోతుంది. ఇత్తడి అనగానే తూకం చూడండి. చేతిలో బరువుగా లేనిదాని గోడలు పలచన.

వాష్ బేసిన్ దగ్గర, కూర్చుని వుజూ చేసుకునే చోట మాత్రం జాలి ఉపయోగమే. అక్కడ అది లేకపోతే నీళ్లు బట్టల మీద చిమ్ముతాయి. ఇక్కడ మూడు విషయాలు చూడాలి. జాలి రంధ్రాలు లోహపు తీగలతో కాకుండా మెత్తటి సిలికాన్‌తో చేసినవైతే, పొర కట్టినా బొటనవేలితో రుద్దితే పెచ్చులు రాలిపోతాయి. రెండోది, జాలి చేత్తో గాని, రూపాయి బిళ్లతో గాని, మామూలు స్పానర్‌తో గాని ఊడాలి. కొన్ని కొత్త డిజైన్లలో జాలి మూతి లోపల దాగి ఉంటుంది. దాన్ని విప్పాలంటే డబ్బాలో ఇచ్చే ప్లాస్టిక్ తాళం కావాలి. ఆ తాళం ఆర్నెల్ల తర్వాత ఎవరింట్లోనూ దొరకదు! మూడోది, మర కొలత. మర బయటికి ఉంటే 24 మిల్లీమీటర్లు, లోపలికి ఉంటే 22, ఇవి ఎక్కువగా దొరికే కొలతలు. అలాంటిదైతే కొత్త జాలి వేరే కంపెనీది కూడా సరిపోతుంది. షాపులోనే నల్లాను తలకిందులు చేసి జాలి ఒకసారి విప్పి చూపించమనండి. విప్పలేకపోతే ఆ నల్లా వద్దు.

ఒత్తిడి సంగతి షాపులో ఎవరూ చెప్పరు. ఒక అంతస్తు ఇల్లు అనుకుందాం. స్లాబు మీద ట్యాంకు, బాత్రూం నల్లాకు నాలుగు మీటర్ల ఎత్తులో. పది మీటర్ల ఎత్తుకు దాదాపు ఒక బార్ ఒత్తిడి లెక్కన ఆ నల్లాకు అందేది 0.4 బార్ మాత్రమే. నీళ్లు పొదుపు చేసే చాలా జాలీలు ఒక బార్, ఆపైన ఒత్తిడికి తయారైనవి. అలాంటిది ఈ ఇంట్లో కొత్తగా ఉన్నప్పుడే మందంగా పారుతుంది, కొంచెం పొర పడితే చుక్కలే. డబ్బా మీద తక్కువ ఒత్తిడికి పనిచేస్తుందని రాసి ఉందో లేదో చూడండి.

అదే ఇంట్లో ధార తగ్గిందనుకోండి. 20 లీటర్ల బకెట్ పెట్టి గడియారం చూడాలి. ఏడు నిమిషాలు పట్టింది. జాలి విప్పేసి మళ్లీ పెడితే రెండు నిమిషాల్లో నిండింది. అంటే తప్పు జాలిదే, నల్లా మార్చక్కర్లేదు. జాలి తీసినా ఏడు నిమిషాలే అయితే నల్లా లోపలి స్పిండిల్ గాని, గోడ దగ్గరి యాంగిల్ కాక్ గాని, పైపు గాని మూసుకుపోయింది. అందుకే ప్రతి నల్లాకు విడిగా యాంగిల్ కాక్ ఉండాలి. లేకపోతే ఒక్క స్పిండిల్ విప్పడానికి ట్యాంకు మొత్తం కట్టేయాలి.

విప్పిన జాలిలో ఏముందో కూడా చూడండి. ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పెద్ద చెంచా నిమ్మ ఉప్పు కలిపి అందులో వేస్తే బుడగలు రావాలి. వస్తే అది సున్నపు పొర. గంటలో మెత్తబడుతుంది, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడగవచ్చు. సిర్కాతో కూడా ఇదే పని అవుతుంది. బుడగలు రాకుండా గరగరమనే రేణువులుంటే అది ఇసుక. దానికి ట్యాంకు కడగాలి, మోటారు తర్వాత ఫిల్టర్ పెట్టాలి. ఎర్రగా ఉంటే తుప్పు లేదా నీళ్లలో ఇనుము. టాయిలెట్ కడిగే యాసిడ్ మాత్రం నల్లాకు తగిలించొద్దు, క్రోమ్ పూత లేచిపోతుంది. ఆ యాసిడ్‌ను బ్లీచింగ్‌తో కలిపితే ప్రాణాల మీదికి తెచ్చే క్లోరిన్ వాయువు పుడుతుంది.

తిప్పే భాగం విషయానికొస్తే పావు చుట్టుతో తెరుచుకునే సిరామిక్ డిస్క్ నల్లా మంచిదే. ఇసుక లేని నీళ్లయితే చాలా ఏళ్లు వస్తుంది. పొర పట్టి బిగుసుకుంటే బలంగా తిప్పొద్దు, డిస్క్ విరుగుతుంది. స్పిండిల్ మార్చుకోవాలి. అదే స్పిండిల్ ఉట్నూర్‌లోనో ఆదిలాబాద్‌లోనో విడిగా దొరుకుతుందా అని కొనే రోజే అడగాలి. హైదరాబాద్ నుంచి తెచ్చిన అందమైన నల్లాలు ఇక్కడే దెబ్బతింటాయి.

గీజర్ ఉన్న ఇంట్లో వేడి నీళ్ల వైపు ఇంకా త్వరగా మూసుకుంటుంది, ఎందుకంటే వేడికి సున్నం తొందరగా విడిపోతుంది. థర్మోస్టాట్ 60 డిగ్రీలు దాటించకపోతే పెచ్చులు తగ్గుతాయి. గీజర్లోంచి ఊడిన పెచ్చులు నేరుగా హెల్త్ ఫాసెట్ కన్నాల్లోకి గాని షవర్లోకి గాని వెళ్తాయి. వాటికి కూడా నిమ్మ ఉప్పు నీళ్లే. షవర్ విప్పడం రాకపోతే ఆ నీళ్లు కవర్లో పోసి తల మునిగేలా రబ్బరు బ్యాండుతో గంటసేపు కట్టి ఉంచితే చాలు.

మిషన్ భగీరథ నీళ్లు శుద్ధి చేసిన ఉపరితల జలాలు కాబట్టి సాధారణంగా బోరు నీళ్లకంటే వాటిలో కాఠిన్యం తక్కువ. ఆ నీళ్లు సరిపడా వచ్చే ఇంట్లో బేసిన్, వుజూ నల్లాలను ఆ లైనుకు కలిపి, బోరును బకెట్ నల్లాకు, ఫ్లష్‌కు వదిలేస్తే జాలి కడగాల్సిన రోజులు బాగా దూరమవుతాయి.