పాలసీ ఫొటో ఒక్కటే పంపుతున్నారా? అందులో ముందు చూడాల్సినవి ఇవి

చాలామంది ఇన్సూరెన్స్ పాలసీ మొదటి పేజీని ఫొటో తీసి మాకు పంపుతారు. పక్కన ఒక్క మాట కూడా రాయరు. అడగకపోయినా వారి మనసులో ఉన్న ప్రశ్న తెలుస్తూనే ఉంటుంది: "నాకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బు వస్తుందా?" ఆ పేజీనే షెడ్యూల్ అంటారు. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద గల్ఫ్‌కు వచ్చినవారి దగ్గర ఉండేది ఎక్కువగా ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ. దాన్నే తీసుకుని చూద్దాం.

ముందు తేదీలు చూడండి. ఫొటోలో 10-04-2023 నుంచి 09-04-2025 వరకు అని ఉందనుకోండి. మీరు వీసా రెన్యువల్ చేయించుకుని ఇంకా పనిలోనే ఉన్నారు. కానీ వీసాతో పాటు పాలసీ దానంతట అది పెరగదు. 10-04-2025న ప్రమాదం జరిగితే ఆ పాలసీ కింద ఏమీ రాదు. గడువు తీరకముందే ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసుకోవచ్చు. 2017లో సవరించిన పథకంలో ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు. గడువు లోపల కంపెనీ మారినా పాలసీ చెల్లుతుంది.

తర్వాత సమ్ ఇన్సూర్డ్. అక్కడ 10,00,000 కనబడగానే ఎలా చనిపోయినా పది లక్షలు వస్తాయనుకుంటారు. దాని పక్కనే 'యాక్సిడెంటల్ డెత్', 'పర్మనెంట్ డిజెబిలిటీ' అనే మాటలు ఉంటాయి. అంటే ప్రమాదంలో మరణం, శాశ్వత వైకల్యం. పరంజా మీద నుంచి పడి చనిపోతే అది ప్రమాదం. క్యాంపులో నిద్రలోనే గుండె ఆగిపోతే అది సహజ మరణం, దానికి ఈ పది లక్షలు రావు. అందుకే మరణ ధ్రువపత్రంలో, పోలీసు రిపోర్టులో కారణం ఏమని రాశారో ఇంటివాళ్లు తప్పక చూసుకోవాలి. ఆసుపత్రి ఖర్చు వేరే లెక్క: మొత్తం లక్ష వరకు, ఒక్కసారి చేరినందుకు 50,000 మించకుండా.

మూడోది నామినీ. పెళ్లి కాకముందు వచ్చినవారి పాలసీలో తండ్రి పేరు ఉంటుంది. తర్వాత తండ్రి పోయారు, ఇప్పుడు భార్య, పిల్లలు ఉన్నారు. పేరు మార్చకపోతే ఆ భార్య వారసత్వ పత్రాల కోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. నామినీ మార్చమని ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా ఇవ్వండి. మీ పేరు, పాస్‌పోర్టు నంబరు కూడా అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో అప్పుడే చూసుకోండి.

షెడ్యూల్ అనేది సారాంశం మాత్రమే. ఏవి వర్తించవో వెనక పేజీల్లో ఉంటుంది. అందుకని అడిగేటప్పుడు అన్ని పేజీలూ, నాలుగు మూలలూ కనబడేలా ఫొటో తీసి పంపండి. పాస్‌పోర్టు నంబరు ఉంటుంది కాబట్టి గ్రూపుల్లో పెట్టొద్దు. ఒక కాపీ మాత్రం ఇంట్లో నామినీ దగ్గర ఉంచండి. క్లెయిమ్ వేయాల్సింది వాళ్లే, పాలసీ నంబరు కావాల్సిందీ వాళ్లకే.