పెళ్లికి యాభై గదులు... ఖాళీ గది డబ్బు ఎవరు కట్టాలి?

పెళ్లి కోసం హోటల్లో గదులు మాట్లాడుకునేటప్పుడు మన బేరమంతా రేటు మీదే నడుస్తుంది. ఎనిమిది వేలు చెప్పిన గదిని ఏడు వేలకు దింపితే గెలిచేశామనుకుంటాం. ఆ తర్వాత మెయిల్‌లో నాలుగు పేజీల ఒప్పందం వస్తుంది. పైన పేరు, తేదీ, రేటు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని సంతకం పెట్టేస్తాం. చివరి బిల్లు లక్ష ఎక్కువ వచ్చినా తక్కువ వచ్చినా, దానికి కారణం సాధారణంగా రేటు కాదు. గదులు మిగిలిపోతే ఆ నష్టం ఎవరిదో చెప్పే రెండు మూడు పేరాలు ఆ నాలుగు పేజీల్లోనే ఎక్కడో ఉంటాయి. అసలు బేరం ఆడాల్సింది వాటి మీద.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. కాకినాడ కుటుంబం ఒకటి విశాఖ బీచ్ రోడ్డులోని హోటల్లో అమ్మాయి పెళ్లి పెట్టుకుంది. ముహూర్తం గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం అనగా రెండున్నరకు. మర్నాడు సత్యనారాయణ వ్రతం కూడా ఉంది కాబట్టి గురు, శుక్రవారాలు రెండు రాత్రులకూ యాభై గదులు కావాలన్నారు. గదికి రాత్రికి 7,000 రూపాయలు, పన్ను అదనం. హోటల్ ఈ యాభై గదులనూ ఇంకెవరికీ అమ్మకుండా వీళ్ల పేరున పక్కన పెడుతుంది. దీన్నే రూమ్ బ్లాక్ అంటారు.

ఇక్కడ మొదట అర్థం చేసుకోవాల్సింది హోటల్ లెక్క. వాళ్లు గదులను లెక్కపెట్టరు, రూమ్ నైట్లను లెక్కపెడతారు. ఒక గదిలో ఒక రాత్రి ఉంటే ఒక రూమ్ నైట్. యాభై గదులు రెండు రాత్రులంటే వంద రూమ్ నైట్లు, పన్ను కాకుండా ఏడు లక్షలు. ఈ రాత్రికి అమ్ముడుపోని గదిని రేపు రెండుసార్లు అమ్మలేరు కాబట్టి, ఏడు లక్షల్లో ఎంత ఖాయంగా వస్తుందో వాళ్లకు ముందే తేలాలి. అందుకే ఒప్పందంలో అట్రిషన్ క్లాజ్ పెడతారు. అనుకున్న దానికంటే ఎంతమేరకు తగ్గినా పర్వాలేదో, అంతకు మించి తగ్గితే ఎంత కట్టాలో అది చెబుతుంది. కొన్ని హోటళ్ల ఒప్పందాల్లో ఆ మాట ఉండదు, మినిమమ్ గ్యారంటీ అని ఉంటుంది. పేరు వేరైనా పని ఒకటే. అసలు తగ్గింపే లేదని, అడిగిన గదులన్నిటికీ కట్టాల్సిందేనని రాసుకునే హోటళ్లూ ఉన్నాయి.

మన కుటుంబం సంతకం చేసిన కాగితంలో ఇరవై శాతం తగ్గుదలకు అనుమతి ఉంది. అంటే వందలో ఎనభై రూమ్ నైట్లు వాడుకుంటే చాలు. వినడానికి ఉదారంగానే ఉంది. తీరా జరిగిందేమిటంటే, గురువారం 48 గదులు నిండాయి. తెల్లవారుజామున తలంబ్రాలు అయ్యాయి, చుట్టాలు టిఫిన్లు చేసి మధ్యాహ్నం చెకౌట్ వేళకల్లా బస్సులూ రైళ్లూ పట్టుకున్నారు. వ్రతానికి దగ్గరివాళ్లే ఆగారు. శుక్రవారం రాత్రి 20 గదులే వాడారు. మొత్తం 68.

ఇప్పుడు ఒక్క వాక్యం దగ్గర బిల్లు మారిపోతుంది. తగ్గుదలను మొత్తం మీద లెక్కిస్తారని ఉంటే, ఎనభైకి పన్నెండు తక్కువ. 84,000 కట్టాలి. ఏ రాత్రికి ఆ రాత్రి విడిగా లెక్కిస్తారని ఉంటే, గురువారం ఇబ్బంది లేదు, కానీ శుక్రవారం నలభై నిండాల్సిన చోట ఇరవయ్యే నిండాయి. ఇరవై రూమ్ నైట్లకు 1,40,000 కట్టాలి. గురువారం అదనంగా నిండిన ఎనిమిది గదులు శుక్రవారం లోటును పూడ్చవు. అదే ఇరవై శాతం, అదే పెళ్లి, అదే చుట్టాలు. తేడా 56,000.

రాత్రి ముహూర్తాల పెళ్లిలో రెండో రాత్రి ఖాళీ అవుతుందని ఇంట్లో పెద్దవాళ్లకు తెలియని సంగతి కాదు. అది ఒప్పందంలోకి రాలేదంతే. మొదటి నుంచీ గురువారం యాభై, శుక్రవారం ఇరవై ఐదు అని రాయించుకుని ఉంటే బ్లాక్ డెబ్బై ఐదు రూమ్ నైట్లు అయ్యేది. అందులో ఎనభై శాతం అరవై. వాడినవి 68 కాబట్టి లోటే లేదు. రాత్రివారీగా చూసినా శుక్రవారం ఇరవై ఐదులో ఎనభై శాతం సరిగ్గా ఇరవై. పైసా కట్టనక్కర్లేదు. సేల్స్ వాళ్లు మొదట్లో రెండు రాత్రులకూ ఒకే అంకె వేసి పంపుతారు, అడిగితే చాలాసార్లు మారుస్తారు. కాబట్టి మొత్తం ఎన్ని గదులని కాకుండా ఏ రాత్రికి ఎన్ని గదులని పట్టిక వేసి ఇవ్వడమే మంచి పద్ధతి.

తరచూ తికమకపెట్టేది కటాఫ్ తేదీ. దీన్నే రిలీజ్ డేట్ అని కూడా అంటారు. పెళ్లికి నెల రోజుల ముందనో, మూడు వారాల ముందనో ఉంటుంది. ఆ లోపు ఎవరు ఏ గదిలో ఉంటారో పేర్ల జాబితా ఇవ్వాలి. ఇవ్వని గదులను హోటల్ మామూలు అమ్మకానికి వదిలేస్తుంది, ఆ తర్వాత మీకు గది కావాలంటే మాట్లాడుకున్న రేటు దొరక్కపోవచ్చు. "రిలీజ్ అయిపోయాయి కదా, ఇక మనకు సంబంధం లేదు" అని చాలామంది అనుకుంటారు. ఒప్పందంలో విడిగా రాసి ఉంటే తప్ప అది నిజం కాదు. రిలీజ్ అంటే హోటల్‌కు అమ్ముకునే స్వేచ్ఛ వచ్చిందని అర్థం. కట్టాల్సిన బాధ్యత మీ మీద అలాగే ఉంటుంది.

దీనివల్ల ఒక విడ్డూరం జరగొచ్చు. మీరు వదిలిన గదిని హోటల్ ఇంకొకరికి అమ్మి వాళ్ల దగ్గరా తీసుకుంటుంది, అట్రిషన్ పేరుతో మీ దగ్గరా తీసుకుంటుంది. ముహూర్తాల రోజుల్లో ఊళ్లో గదులకు గిరాకీ ఎంత ఉంటుందో తెలిసిందే కాబట్టి ఇది అరుదేమీ కాదు. మందు కూడా ఒక వాక్యమే: "తిరిగి అమ్ముడైన గదుల మేరకు అట్రిషన్ మొత్తాన్ని తగ్గిస్తాం." దాంతోపాటు, ముందుగా చెబితే గదులు తగ్గించుకునే వెసులుబాటు కూడా అడగొచ్చు. ఉదాహరణకు తొంభై రోజుల ముందు ఇరవై శాతం, అరవై రోజుల ముందు ఇంకో పది శాతం రుసుము లేకుండా వదులుకోవచ్చని రాయించుకుంటే, శుభలేఖలు పంచాక వచ్చే జవాబులను బట్టి లెక్క సరిచేసుకోవచ్చు.

రద్దు నిబంధనల్లోనూ తేదీలే ముఖ్యం. పెళ్లి దగ్గరపడేకొద్దీ రద్దు రుసుము పెరుగుతుంది. మన ఒప్పందంలో తొంభై రోజుల కంటే ముందు రద్దు చేస్తే 25 శాతం, అరవై రోజుల వరకు 35, ముప్ఫై రోజుల వరకు 50, ఆ తర్వాత నూరు శాతం అని ఉంది. చెల్లింపులకు ఇంకో పట్టిక ఉంది: సంతకం నాడు 25 శాతం, అరవై రోజుల ముందుకల్లా మొత్తం 75, పదిహేను రోజుల ముందు మిగతాది. ఈ రెండూ వేర్వేరు పేజీల్లో ఉంటాయి. రెండిటినీ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి చూడాలి. నలభై రోజుల ముందు రద్దు చేయాల్సి వస్తే రుసుము 50 శాతం, కానీ అప్పటికే 75 కట్టేశారు. ఆ మధ్య 25 శాతం, అంటే 1,75,000, హోటల్ చేతిలో ఉంది. దాన్ని ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో, బ్యాంకులో వేస్తారో లేక ఏడాది లోపు వాడుకోమని క్రెడిట్ నోట్ ఇస్తారో రాసి లేకపోతే, సాధారణంగా క్రెడిట్ నోటే చేతికొస్తుంది. కట్టిన సొమ్ము ఏనాడూ ఆనాటి రద్దు రుసుమును మించకుండా వాయిదాలు అమర్చుకుంటే ఈ చిక్కే ఉండదు.

మన ఇళ్లలో పెళ్లి రద్దు కావడం తక్కువ, వాయిదా పడడం ఎక్కువ. దగ్గరి బంధువు పోయి మైల వస్తే తేదీ మారుతుంది. చాలా ఒప్పందాల్లో వాయిదా అన్న మాటే ఉండదు. అందుకని హోటల్ దాన్ని రద్దుగానే చూస్తుంది, కొత్త తేదీకి కొత్త రేటు చెబుతుంది. ఫోర్స్ మెజర్ క్లాజ్ ఇందుకు పనికిరాదు. తుపాను, ప్రభుత్వ ఆంక్షలు లాంటివే దాని కిందికి వస్తాయి. ఆ క్లాజును కూడా పదం పదం చదవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు విమానాశ్రయం కొన్నాళ్లు మూతపడింది. అలాంటప్పుడు హోటల్ తెరిచే ఉండి చుట్టాలు మాత్రం రాలేకపోతే పరిస్థితి ఏమిటి? "హోటల్ సేవలందించలేని పక్షంలో" అని మాత్రమే రాసి ఉంటే ఆ నష్టం మీదే. ప్రయాణ మార్గాలు మూతపడడాన్నీ అందులో చేర్చమనాలి. కుటుంబంలో మరణం సంభవిస్తే ఆరు నెలల్లోపు ఒకసారి రుసుము లేకుండా తేదీ మార్చుకోవచ్చని విడిగా ఇంకో వాక్యం కోరాలి.

ఒప్పందంలో ఎంత రాస్తే అంతా వసూలు చేసే హక్కు హోటల్‌కు ఉందా? భారత కాంట్రాక్ట్ చట్టం, 1872లోని 74వ సెక్షన్ ప్రకారం, రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, దక్కేది సబబైన పరిహారం. అసలు నష్టమే జరగనప్పుడు సొమ్ము జప్తు చేసుకోవడం కుదరదని కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. వదిలిన గదులన్నీ తిరిగి అమ్ముడయ్యాయని చూపించగలిగితే ఈ వాదన బలంగా నిలుస్తుంది. అయితే డబ్బు ముందే వాళ్ల చేతిలో ఉంటుంది, ఫిర్యాదు పట్టుకుని తిరగాల్సింది మీరు. చట్టం ఉందన్న ధైర్యం కంటే సంతకానికి ముందు రాయించుకున్న వాక్యం తక్కువ ఖర్చులో పనిచేస్తుంది.

రేటు బేరంలో కూడా పట్టించుకోవాల్సిన అంకె ఒకటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. 7,400 గది పన్నుతో 7,770 అవుతుంది. 7,600 గది 8,968 అవుతుంది. రెండు వందల బేరం దాదాపు పన్నెండు వందల తేడా తెస్తుంది.

పెళ్లయ్యాక తుది బిల్లు కట్టే ముందు, ఏ రాత్రి ఎన్ని గదులు వాడారో చూపే పికప్ రిపోర్ట్ అడగండి. మీ చుట్టాల్లో కొందరు బ్లాక్‌లో కాకుండా, యాప్‌లో రేటు తక్కువ కనిపించిందని అదే హోటల్లో సొంతంగా బుక్ చేసుకుని ఉంటారు. వాళ్ల పేర్లు ఆ రిపోర్టులో చేరవు. వాళ్లనూ మీ లెక్కలో కలుపుతామని ఒప్పందంలో ఉంటే, అతిథుల జాబితా పక్కన పెట్టుకుని ఒక్కొక్క పేరూ చూపించండి. మన కాకినాడ వాళ్లకు శుక్రవారం రాత్రి అలాంటి గదులు ఆరు దొరికినా, రాత్రివారీ లెక్కలో 42,000 తగ్గుతుంది.