సర్వర్ గది యూపీఎస్‌కు ఎంత బ్యాటరీ కావాలి?

సర్వర్ గదికి బ్యాటరీ ఎంచుకునేటప్పుడు చూడాల్సింది యూపీఎస్ మీద రాసి ఉన్న కేవీఏ కాదు, సర్వర్లు నిజంగా లాగుతున్న కిలోవాట్లు. ఒక గదిలో కొలిచిన లోడు 6 కిలోవాట్లు, కరెంటు పోతే 30 నిమిషాలు నడవాలి అనుకుందాం. ఇన్వర్టర్ సామర్థ్యం 94 శాతమైతే బ్యాటరీలు దాదాపు 6.4 కిలోవాట్లు ఇవ్వాలి. 12 వోల్టుల బ్యాటరీలు 16 ఉంటే ఒక్కోదాని వంతు 400 వాట్లు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. 400 వాట్లను 12తో భాగిస్తే 33 ఆంపియర్లు. అరగంటకు 17 ఆంపియర్-అవర్లు చాలనిపిస్తుంది. కానీ లెడ్ యాసిడ్ బ్యాటరీ మీది అంకె 10 లేదా 20 గంటలపాటు నెమ్మదిగా వాడినప్పటిది. అరగంటలో ఖాళీ చేస్తే అందులో సుమారు సగమే చేతికొస్తుంది.

పైగా బ్యాటరీ సామర్థ్యం 80 శాతానికి పడిపోయేదాకా వాడతారు. ఆ చివరి రోజున కూడా అరగంట నిలవాలంటే మొదట్లోనే 1.25 రెట్లు ఉండాలి. అంటే ఒక్కో బ్యాటరీ 500 వాట్లు ఇవ్వాలి. తయారీదారు పట్టికలో 30 నిమిషాల వరుసలో, సెల్‌కు 1.75 వోల్టుల ముగింపు దగ్గర ఈ అంకె చూసుకోవాలి. సాధారణంగా అది 40 ఆంపియర్-అవర్ల పరిసరాల్లో తేలుతుంది.

గది వేడెక్కితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. అందుకే ఏటా అసలు లోడుతో పరీక్షించి, 80 శాతం దిగువకు వస్తే మొత్తం వరుసను మార్చాలి.