వీపు మీద గొంతు చప్పుడు

"పెద్దాయనా, నోరు తెరిచి నిదానంగా పీల్చండి. ఇప్పుడు వదలండి."

మంచం అంచున కూర్చున్న ఆయనకు నాలుగు రోజులుగా చలిజ్వరం. దగ్గితే తుప్పు రంగు కఫం పడుతోంది. కుడి డొక్కలో పోటు, అందుకే ఊపిరి నిండుగా తీయడానికి జంకుతున్నారు. ముందు స్టెతస్కోప్‌ను వీపు మీద ఎడమ రెక్క ఎముక కింద ఆనించాను. రావిచెట్టు ఆకుల్లోంచి గాలి పోతున్నట్టు మెత్తని సవ్వడి వినిపించింది. పీల్చేటప్పుడు బాగా తెలుస్తుంది, వదిలేటప్పుడు సగంలోనే సన్నగిల్లిపోతుంది. అది ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి చప్పుడు. సరిగ్గా అదే ఎత్తులో కుడివైపు పెట్టాను. అక్కడ ఖాళీ గొట్టంలోకి ఊదుతున్నట్టు గరుకుగా, గట్టిగా ఉంది. పీల్చడం ఎంతసేపు వినిపిస్తోందో వదలడం కూడా అంతసేపూ వినిపిస్తోంది, రెంటి మధ్య చిన్న ఖాళీ కూడా ఉంది.

ఈ రెండో చప్పుడు ఎవరైనా వినవచ్చు. స్టెతస్కోప్ దొరికితే మీ గొంతు మీద, కంఠమణి కింద పెట్టుకుని ఊపిరి పీల్చి చూడండి, ఇదే వినిపిస్తుంది. అక్కడ అది సహజం. మరి గొంతులో ఉండాల్సిన చప్పుడు పెద్దాయన వీపు మీద ఎందుకుంది? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు అందితే ఛాతీలో వినిపించే చప్పుళ్లలో సగం అర్థమైనట్టే.

ముందు మామూలు చప్పుడు ఎక్కడ పుడుతుందో చూద్దాం. ఊపిరితిత్తి చివర ఉండే గాలితిత్తుల్లోకి గాలి చొరబడేటప్పుడు ఆ సవ్వడి వస్తుందని ఒకప్పుడు వైద్యులు నమ్మారు. ఆ నమ్మకంతోనే దానికి 'వెసిక్యులర్' అనే పేరు పెట్టారు. వెసికిల్ అంటే చిన్న తిత్తి. పేరు నిలిచిపోయింది కానీ కారణం అది కాదు. గోదావరి డెల్టాలో కాలువ గట్టు మీద నడిచినవాళ్లకు ఇది తేలిగ్గా తెలుస్తుంది. పెద్ద కాలువ లాకుల దగ్గర నీరు సుడులు తిరుగుతూ హోరెత్తుతుంది. అదే నీరు పిల్లకాలువలుగా చీలి, బోదెల్లోకి దిగి, చివరికి వరిమడిలోకి చేరేసరికి అసలు చప్పుడే ఉండదు. నీరు మడిలో నిలిచినట్టే ఉంటుంది, కానీ పాకుతూనే ఉంటుంది. మన శ్వాసనాళం కూడా ఒకటి రెండుగా, రెండు నాలుగుగా దాదాపు 23 సార్లు చీలుతుంది. ప్రతి చీలికకూ నాళాలు సన్నబడతాయి కానీ వాటి సంఖ్య రెట్టింపవుతుంది. అన్నీ కలిపి చూస్తే గాలికి దొరికే దారి వెడల్పవుతూ పోతుంది, వేగం పడిపోతుంది. చివరి తిత్తుల దగ్గర గాలి పారదు, మెల్లగా కలిసిపోతుంది. అక్కడంతా నిశ్శబ్దమే. చప్పుడు పుట్టేది పైన, గాలి వేగంగా సుడి తిరిగే పెద్ద నాళాల్లో.

అంటే వీపు మీద మనం వినేది లోపల ఎక్కడో పుట్టి, మధ్యలో ఉన్న ఊపిరితిత్తిని దాటుకుని వచ్చిన చప్పుడు. ఆ దాటడంలోనే దాని రూపం మారిపోతుంది. పక్కవీధి పెళ్లిలో పాటలు పెడితే తలుపులు వేసుకున్న మన గదిలోకి మాటలు రావు, డప్పు దరువు మాత్రమే వస్తుంది. సన్నని స్వరాలను గోడలు ఆపేస్తాయి, బొంగురు స్వరాలు దాటుకొస్తాయి. ఊపిరితిత్తి చేసేదీ అదే. గాలి, పలచని పొర, మళ్లీ గాలి, మళ్లీ పొర, ఇలా లక్షల అంచులు ఉండడంతో ప్రతి అంచు దగ్గరా చప్పుడు కొంత చెదిరిపోతుంది. గొంతు మీద వినిపించే ధ్వనిలో సెకనుకు 100 నుంచి 5000 కంపనాల దాకా ఉంటాయి. ఛాతీ మీదికి వచ్చేసరికి 200 దాటాక బలం తగ్గిపోతుంది, 1000 దాటినవి దాదాపు అందవు. మిగిలిన ఆ మెత్తదనమే మనకు ఆకుల సవ్వడిలా తోస్తుంది. వదిలేటప్పుడు చప్పుడు ఇంకా పైన, ఇంకా పెద్ద నాళాల్లో పుడుతుంది. దూరం ఎక్కువ కాబట్టి అది సగంలోనే అందకుండా పోతుంది.

ఇప్పుడు పెద్దాయన కుడివైపుకు వద్దాం. ఆయనకు వచ్చింది న్యుమోనియా, మన ఊళ్లలో నెమ్ము అంటారు. ఊపిరితిత్తి కింది భాగంలో తిత్తులన్నీ గాలికి బదులు చీముతో, చిక్కని ద్రవంతో నిండి, ఆ ముక్క కాలేయంలా గట్టిపడింది. గాలి, పొర, గాలి అనే అంచులు పోయాయి, అంతా ఒకే ముద్ద అయింది. బల్ల మీద చెవి ఆనిస్తే అవతలి కొస మీద గోటితో గీకినా స్పష్టంగా వినిపించినట్టు, గట్టిపడిన ఊపిరితిత్తి లోపలి పెద్ద నాళం చప్పుడును ఉన్నదున్నట్టు చర్మం దాకా మోసుకొస్తుంది. జబ్బుపడిన చోట చప్పుడు తగ్గుతుందని అనుకుంటాం. ఇక్కడ పెరుగుతుంది. అక్కడ కొత్త చప్పుడేమీ పుట్టలేదు, దాన్ని అణచే దూది పోయింది, అంతే.

ఇది నిజమేనా అని తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. "పెద్దాయనా, ఒకటి, ఒకటి అని గుసగుసగా అనండి" అన్నాను. ఎడమవైపు ఏదో గొణుగుడు తప్ప మాట తెలియలేదు. కుడివైపు పెట్టగానే ఆయన నా చెవిలో నోరుపెట్టి చెప్పినట్టు 'ఒకటి, ఒకటి' అని అక్షరం అక్షరం వినిపించింది. గుసగుసలో ఉండేవి ఎక్కువగా సన్నని ధ్వనులే. మంచి ఊపిరితిత్తి వాటిని మింగేస్తుంది.

దీనికి ఒక షరతు ఉంది. ఆ భాగానికి వెళ్లే నాళం తెరిచి ఉండాలి. కఫం గడ్డ అడ్డుపడి నాళం మూసుకుపోతే మోసుకొచ్చేందుకు చప్పుడే ఉండదు. న్యుమోనియా ఉన్నా అక్కడ నిశ్శబ్దంగా ఉంటుంది. ఊపిరితిత్తి బయట, దాని పొరల మధ్య నీరు చేరినా అంతే. నీటికీ ఊపిరితిత్తికీ మధ్య అంచు దగ్గర ధ్వని వెనక్కి తిరిగిపోతుంది. పొరల మధ్య గాలి చేరినా అదే తీరు. 'ఊపిరితిత్తికి నీరు పట్టింది' అని వాడుకలో రెంటినీ ఒకటే మాటతో చెప్పేస్తాం కానీ, లోపల చేరిన ద్రవం చప్పుడును పెంచుతుంది, బయట చేరిన నీరు తుంచేస్తుంది.

గట్టిపడిన భాగం అంచుల్లో ఇంకొకటి వినిపించింది. ఊపిరి పీల్చడం ముగియబోయే వేళ సన్నని చిటపటలు. డాక్టర్లు వీటిని క్రెప్స్ అంటారు. చెవి పక్కన నాలుగు వెంట్రుకలు పట్టుకుని వేళ్ల మధ్య నలిపితే అచ్చం అలాగే ఉంటుంది. 1816లో పారిస్‌లోని నెకర్ ఆసుపత్రిలో కాగితాలను గొట్టంలా చుట్టి ఒక రోగి ఛాతీ మీద పెట్టి విన్న రెనె లైనెక్, ఆ తర్వాత చెక్క గొట్టం చేయించుకున్న మొదటి స్టెతస్కోప్ వైద్యుడు, ఈ చప్పుడును వేడి పాత్రలో ఉప్పు చిటపటలాడడంతో పోల్చాడు. లోపల జరిగేది ఇది. వదిలినప్పుడు అతుక్కుపోయిన సన్నని నాళాలు, పీల్చినప్పుడు లోపలి లాగుడు సరిపడా పెరగగానే ఒక్కొక్కటే టప్పున తెరుచుకుంటాయి. ఒక్కో చిటపట సెకనులో 200వ వంతు మాత్రమే ఉంటుంది. దగ్గినా ఇది పోదు. పెద్ద నాళాల్లో కఫం కదలడం వల్ల వచ్చే గురగుర వేరు. అది లావుగా ఉంటుంది, పీల్చగానే మొదలవుతుంది, గట్టిగా ఒకసారి దగ్గితే చోటు మారుతుంది లేదా పోతుంది. అందుకే అనుమానం వస్తే రోగిని దగ్గమని మళ్లీ వింటాం.

పొరపాటు పడే చోట్లూ ఉన్నాయి. చొక్కా మీదుగా వింటే గుడ్డ రాపిడి క్రెప్స్‌లా మోసం చేస్తుంది. ఛాతీ మీద వెంట్రుకలు ఎక్కువున్నా అంతే. పెద్ద వయసువాళ్లలో మొదటి ఒకటి రెండు లోతైన ఊపిరులకు వీపు అడుగున చిటపటలు వచ్చి పోవచ్చు, అది జబ్బు కాదు. ఊపిరితిత్తి నడిబొడ్డున దాగిన చిన్న న్యుమోనియా మచ్చ ఎంత విన్నా దొరకదు. ఎక్స్‌రే అవసరం అక్కడే.

పెద్దాయన పక్క మంచం మీద ఉబ్బసం ఉన్న కుర్రాడు ఉన్నాడు. ఇతని ఛాతీలో పిల్లికూతలు. ఇది మాత్రం మోసుకొచ్చిన చప్పుడు కాదు, కొత్తగా పుట్టినదే. వేణువులో గాలి ఊదితే పలికినట్టు పలుకుతుందనుకుంటాం కానీ, సెకనుకు 400 కంపనాల స్వరం వేణువులా పలకాలంటే కొన్ని అంగుళాల పొడవున్న గొట్టం కావాలి. ఊపిరితిత్తిలో సన్నని నాళాలు అంత పొడవు ఉండవు. గాలి నింపిన బుడగ మూతిని రెండు చేతులతో సాగదీసి వదిలితే కీచుమంటుంది కదా, ఇది ఆ రకం. ఇరుకైన చోట గాలి వేగం పెరుగుతుంది, లోపలి ఒత్తిడి తగ్గి గోడలు దగ్గరకు వస్తాయి, దారి మూయబోతుండగా వెనక గాలి నెట్టి తెరుస్తుంది, మళ్లీ దగ్గరకు వస్తాయి. ఈ అదురే కూత. వదిలేటప్పుడు ఛాతీ ఒత్తిడికి నాళాలు ఇంకా నలుగుతాయి కాబట్టి కూత అప్పుడే ఎక్కువ. పీల్చేటప్పుడు మాత్రమే, అదీ గొంతు దగ్గరే పెద్దగా వినిపించే కూత వేరు. అది గొంతులో అడ్డు ఉందని చెప్పేది. పసిపిల్లలు గింజో బఠాణీయో మింగబోయి ఇలా కూస్తే క్షణం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

కుర్రాడి తల్లి ఆ రాత్రి నర్సును పిలిచి "కూతలు ఆగాయమ్మా, కాస్త తగ్గినట్టుంది" అంది. చూస్తే అతను రెండు మాటలు కలిపి చెప్పలేకపోతున్నాడు, కళ్లు మూతలు పడుతున్నాయి, పెదవులు నల్లబడుతున్నాయి. ఛాతీ మీద పెడితే రెండువైపులా ఏమీ లేదు. గోడలు అదరాలన్నా గాలి పారాలి. పారేంత గాలి కూడా లేనప్పుడు కూత ఆగిపోతుంది. ఉబ్బసంలో మేం ఎక్కువగా భయపడేది ఈ నిశ్శబ్దానికే. ఆక్సిజన్ పెట్టి, నెబులైజర్ మీద నెబులైజర్ ఇచ్చి, నరానికి మందులు ఎక్కించాక గంటకు మళ్లీ కూతలు మొదలయ్యాయి. తల్లి కంగారుగా నా ముఖం చూసింది. "మొదలవనీ అమ్మా, గాలి ఆడుతోంది" అన్నాను.

ఆరో రోజు పెద్దాయన వీపు కుడివైపు గొట్టం చప్పుడు పోయింది. దాని చోట చిటపటలు తిరిగి వచ్చాయి, ఈసారి కాస్త లావుగా. ముద్దగట్టిన తిత్తుల్లోకి గాలి మళ్లీ దారి చేసుకుంటోంది.