కట్ట విప్పితేనే తీసివేత

52లోంచి 27 తీసేయమంటే రెండో తరగతి పిల్లలు చాలామంది 35 అని రాస్తారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచే రెండు తీసేస్తారు. ఈ తప్పు పోవడానికి చీపురు పుల్లలు, రబ్బరు బ్యాండ్లు చాలు.

పుల్లల్ని పదేసి లెక్కపెట్టి పిల్లలే కట్టలు కట్టాలి. టీచరు కట్టి ఇస్తే లోపల పది ఉన్నాయన్న నమ్మకం వాళ్లకు కుదరదు. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు పెట్టి ఏడు తీయమనండి. చేయి ఆగిపోతుంది. కాసేపటికి ఒక కట్ట విప్పుతారు. ఇప్పుడు విడివి పన్నెండు. ఏడు తీస్తే ఐదు, రెండు కట్టలు తీస్తే మిగిలినవి రెండు. జవాబు 25. అరువు అంటే ఆ విప్పడమే!

ఫలితం తెలియాలంటే ముందు ఐదు లెక్కలిచ్చి, ఆ తప్పు ఎన్నిసార్లు వచ్చిందో రాసుకోండి. వారం తర్వాత అలాంటివే పుల్లలు లేకుండా ఇచ్చి పోల్చండి. పుల్లలు చేతిలో ఉండగా వచ్చిన జవాబును లెక్కలోకి తీసుకోకూడదు.