ఖాతాలోని సొమ్మంతా ట్రస్టుదేనా?

మార్చి నెల ముగిసి లెక్కలు మూసే వేళ మన సేవా ట్రస్టుల సమావేశాల్లో తరచూ ఒక మాట వినిపిస్తుంది: "అల్‌హమ్దులిల్లాహ్, ఈ ఏడాది మిగులు బాగానే ఉంది." బ్యాంకు పాస్‌పుస్తకంలో పెద్ద అంకె కనిపిస్తున్నప్పుడు ఎవరికీ సందేహం రాదు. అయితే ఆ అంకెలో ట్రస్టు తన విచక్షణ మేరకు ఖర్చు చేయదగినది ఎంత, ఇంకా చేయని పని కోసం ముందుగా అందినది ఎంత అని అడిగేవారు తక్కువ. ఈ వ్యాసంలో మేము ఆ ఒక్క ప్రశ్ననే వివరించదలచాం.

ట్రస్టుకు వచ్చే సొమ్ములో సాధారణ విరాళం ఒక రకం. దాత ఏ షరతూ పెట్టడు. ట్రస్టు ఆశయాల్లో దేనికైనా వాడవచ్చు. అది చేతికి అందిన నాడే ట్రస్టు ఆదాయం. నిర్దేశిత గ్రాంటు వేరు. ఫలానా పనికి, ఫలానా కాలంలో ఖర్చు చేయాలని దాత లిఖితంగా కోరి ఇచ్చే సొమ్ము అది. మన పాఠకులకు ఈ భేదం కొత్తది కాదు. జకాతు సొమ్మును ఎవరికి ఇవ్వాలో దివ్య ఖుర్ఆన్‌లోని తౌబా సూరా ఎనిమిది వర్గాలుగా నిర్దేశించింది. మన ప్రాంతంలో అత్యధికులు అనుసరించే హనఫీ ఫిఖ్హ్ ప్రకారం, అర్హుని చేతికి సొంతంగా అందేవరకు జకాతు చెల్లినట్లు కాదు. ట్రస్టు బీరువాలో ఉన్నంత కాలం అది అమానతే. నిర్దేశిత గ్రాంటును కూడా లెక్కల్లో ఇదే దృష్టితో చూడాలి. సొమ్ము రావడం ఒక ఘట్టం. అది ఆదాయంగా మారడం మరొక ఘట్టం.

ఉదాహరణకు ఒక చిన్న ట్రస్టును ఊహించుకుందాం. వితంతు సోదరీమణులకు రెండేళ్లపాటు కుట్టు శిక్షణ కేంద్రం నడపడానికి ఒక దాతృ సంస్థ అక్టోబరు మొదట్లో 12 లక్షల రూపాయలు ఒకేసారి పంపింది. ఒప్పందం ప్రకారం అందులో 3 లక్షలు 20 కుట్టుమిషన్ల కొనుగోలుకు, 9 లక్షలు శిక్షకురాలి జీతం, అద్దె, గుడ్డ, దారం వంటి నిర్వహణ ఖర్చులకు. అదే ఏడాది ట్రస్టుకు 2 లక్షల సాధారణ విరాళాలు వచ్చాయి. సాధారణ ఖర్చులు లక్షా 50 వేలు. మార్చి 31 నాటికి మిషన్లన్నీ కొన్నారు. ఆరు నెలల కేంద్రం నిర్వహణకు 2 లక్షల 10 వేలు అయింది.

12 లక్షలు వచ్చిన రోజున బ్యాంకు ఖాతాలో అంత సొమ్ము పెరుగుతుంది. దానికి ఎదురుగా ఆస్తి అప్పుల పట్టికలో అప్పుల వైపు "కుట్టు కేంద్రం నిర్దేశిత నిధి" పేరుతో అంతే మొత్తం రాయాలి. ఆ రోజున ఆదాయం సున్నా. మార్చి చివర ఆ నిధి నుండి ఖర్చయిన 2 లక్షల 10 వేలను మాత్రమే విడుదల చేసి ఆదాయ వ్యయ ఖాతాలో ఆదాయంగా చూపాలి. ఖర్చు ఎంతో విడుదల అంతే. మిగతా సొమ్ము నిధిలోనే ఉంటుంది.

మిషన్ల విషయంలో చాలామంది తడబడతారు. 3 లక్షలు నిజంగానే ఖర్చయ్యాయి కదా, అంతా ఆదాయంగా చూపవచ్చు కదా అని అడుగుతారు. కానీ మిషను కొన్న ఏడాదితో అరిగిపోదు. అది ఐదేళ్లు పనిచేస్తుందని అంచనా వేస్తే ఏటా 60 వేల తరుగుదల ఖర్చుగా పడుతుంది. కాబట్టి ఆ 3 లక్షలను నిర్దేశిత నిధి నుండి తీసి, మిషన్ల గ్రాంటు పేరుతో వేరే పద్దులో ఉంచి, తరుగుదల ఎంత పడితే అంత చొప్పున విడుదల చేయాలి. మొదటి ఆరు నెలలకు అది 30 వేలు. ప్రభుత్వ గ్రాంట్లకు సంబంధించిన మన దేశపు 12వ అకౌంటింగ్ ప్రమాణం కూడా ఈ పద్ధతిని అంగీకరిస్తుంది. దాతల గ్రాంట్లకూ దీన్ని అన్వయించడం సముచితమని మా అభిప్రాయం.

ఇప్పుడు ఫలితం చూద్దాం. సాధారణ విరాళాలు, విడుదలైన గ్రాంటు కలిపి ఆదాయం 4 లక్షల 40 వేలు. తరుగుదలతో సహా ఖర్చు 3 లక్షల 90 వేలు. మిగులు 50 వేలు. అదే 12 లక్షలనూ వచ్చిన ఏడాదే ఆదాయంగా రాస్తే మిగులు 10 లక్షల 10 వేలుగా కనిపిస్తుంది! రంజాన్ దగ్గర పడుతున్న వేళ ఆ అంకెను చూసిన సభ్యులు రేషన్ కిట్లు రెట్టింపు చేద్దామంటారు. వారి ఉద్దేశం మంచిదే. కానీ ఆ కిట్లు కొనేది వచ్చే ఏడాది శిక్షకురాలికి ఇవ్వవలసిన జీతంతో. పైగా రెండో ఏడాది కేంద్రం ఖర్చు 4 లక్షల 40 వేలు, తరుగుదల 60 వేలు అవుతాయి. వాటికెదురుగా గ్రాంటు ఆదాయం ఏమీ ఉండదు. సాధారణ విరాళాలు, ఖర్చులు మొదటి ఏడాదిలాగే ఉంటే పుస్తకాల్లో నాలుగున్నర లక్షల లోటు తేలుతుంది. నిజానికి మొదటి ఏడాది ఐశ్వర్యమూ లేదు, రెండో ఏడాది నష్టమూ లేదు.

సొమ్ము దారి తప్పిందో లేదో తెలుసుకోవడానికి అకౌంటెంటే కానవసరం లేదు. సభ్యులెవరైనా రెండు అంకెలు అడిగితే చాలు: నేటి బ్యాంకు నిల్వ ఎంత, ఖర్చు కాని నిర్దేశిత నిధులన్నీ కలిపి ఎంత? మన ఉదాహరణలో కుట్టు కేంద్రం నిధి 6 లక్షల 90 వేలు, ఇంకా పంచని జకాతు లక్ష అనుకుంటే, 7 లక్షల 90 వేలు అమానతు. బ్యాంకులో 8 లక్షల 40 వేలు ఉంటే ట్రస్టు స్వేచ్ఛగా వాడదగినది 50 వేలే. బ్యాంకులో 5 లక్షల 20 వేలే ఉంటే, ఎవరిదో 2 లక్షల 70 వేలు మరో పనికి వాడేశారన్న మాట. "తర్వాత సర్దుదాం" అనే మాట ఇక్కడే పుడుతుంది.

షరతు ఎక్కడ పుడుతుందో కూడా గమనించాలి. ఒప్పంద పత్రం ఉంటేనే షరతు అనుకోరాదు. జుమా నమాజు తర్వాత డయాలసిస్ రోగుల కోసమని ప్రకటించి చందా వసూలు చేస్తే, ఆ ప్రకటనే షరతు. అందుకే రసీదులో "దేని నిమిత్తం" అన్న గడిని ఖాళీగా వదలరాదు. దానికి భిన్నంగా, సాధారణ విరాళాల నుండి కొంత సొమ్మును కమిటీ తానే పక్కన పెడితే అది నిర్దేశిత నిధి కాదు. తాను చేసిన తీర్మానాన్ని కమిటీ తానే మార్చుకోగలదు. దాత షరతును మార్చే అధికారం కమిటీకి లేదు.

పన్ను లెక్క వేరుగా నడుస్తుందని కూడా చెప్పాలి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో నమోదైన ట్రస్టు తన ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే సేవాకార్యాలకు వినియోగించాలన్న నియమం ఉండేది. వీలుకాకపోతే ఉద్దేశం తెలుపుతూ 10వ నంబరు ఫారం దాఖలు చేసి ఐదేళ్ల వరకు దాచుకునే వెసులుబాటు అందులో ఉండేది. పుస్తకాల్లో అప్పుల వైపు ఉంది కదా అని ఖర్చు కాని గ్రాంటును పన్ను లెక్కలో మరచిపోకూడదు. ఏడాది ముగియకముందే ఆడిటరుతో మాట్లాడుకోవాలి.

ఉదాహరణ చివరికి వద్దాం. మూడో లెక్కల సంవత్సరంలో మిగిలిన ఆరు నెలలకు 2 లక్షల 20 వేలు ఖర్చయి, సెప్టెంబరులో కేంద్రం గడువు ముగిసింది. నిధిలో 30 వేలు మిగిలాయి. పని పూర్తయింది గనుక ఇక ఇది ట్రస్టు సొమ్మేనని కొందరంటారు. ఒప్పందంలో అలా రాసి ఉంటే తప్ప అది సరికాదు. దాతకు వినియోగ ధ్రువపత్రం పంపేటప్పుడే ఆ 30 వేల మాట తెలిపి, తిరిగి పంపమంటారా, మరో బృందం శిక్షణకు వాడమంటారా అని లిఖితంగా అడగాలి. జవాబు వచ్చేవరకు ఆ 30 వేలు అప్పుల వైపే ఉంటాయి. మిషన్ల పద్దు మాత్రం, అవి పనిచేస్తున్నంత కాలం, ఏటా 60 వేల చొప్పున కరుగుతూనే ఉంటుంది.