నిమిషానికో సెక్టార్

బోరు మోటారు కాలిపోయి వైండింగ్‌కి వెళ్తే షాపులో మొదట అడిగేది, వోల్టేజీ ఎంత వస్తోందని. "ఒక్కోసారి బాగా పడిపోతుందండీ" అనడం తప్ప రైతు దగ్గర ఇంకో జవాబు ఉండదు. మూడు ఫేజులూ సరిగ్గా ఉన్నాయా, ఒకటి పోయి రెండింటి మీద తిరిగిందా, ఏ పూట ఎంత తగ్గింది అన్నది రాసిపెట్టినవాళ్లు లేరు. ఆ రాసే పని చేసే పెట్టెను ఎలక్ట్రానిక్స్ మీద ఆసక్తి ఉన్న కుర్రాడెవరైనా తయారు చేయగలడు. ఆర్డ్వీనో లాంటి చిన్న కంట్రోలర్, గడియారం చిప్పు, వోల్టేజీ సెన్సర్లు, ఒక ఎస్‌డీ కార్డు చాలు. కొలవడం ఇందులో పెద్ద కష్టం కాదు. కొలిచిన అంకె కార్డు మీద నిలవడమే కష్టం. ఎందుకంటే ఈ పెట్టె కనిపెట్టుకుని ఉండాల్సింది కరెంటు పోయే క్షణాన్నే, కార్డుకు గండం వచ్చేదీ ఆ క్షణంలోనే.

కార్డుతో మాట్లాడటానికి రెండు దారులున్నాయి. ఫోన్లు, కెమెరాలు వాడేది వేగమైన సొంత పద్ధతి. రెండోది ఎస్‌పీఐ. నెమ్మదైనదే గానీ నాలుగు తీగలతో అయిపోతుంది: ఒకటి క్లాక్, ఒకటి మన మాట కార్డుకు చేర్చేది, ఒకటి కార్డు జవాబు తెచ్చేది, నాలుగోది "నీతోనే మాట్లాడుతున్నా" అని కార్డుకు చెప్పే సెలెక్ట్ తీగ. కార్డు మొత్తం 512 బైట్ల గదులుగా ఉంటుంది. ఒక్కో గది ఒక సెక్టార్. ఒక్క అక్షరం మార్చాలన్నా సెక్టార్ మొత్తం పంపాల్సిందే.

కరెంటు ఇవ్వగానే కార్డు ఎస్‌పీఐ భాషలో ఉండదు. సెలెక్ట్ తీగను పైకి ఉంచి కనీసం 74 క్లాకులు ఇవ్వాలి. ఈ పరిచయం పూర్తయ్యేదాకా క్లాక్ వేగం 400 కిలోహెర్ట్జ్ దాటకూడదు. ఆ తర్వాత సంభాషణ ఇలా సాగుతుంది. ఎడమవైపున్నవి మనం పంపే బైట్లు, కుడివైపున్నవి కార్డు జవాబు:

```
40 00 00 00 00 95  ->  01
48 00 00 01 AA 87  ->  01 00 00 01 AA
77 00 00 00 00 FF  ->  01
69 40 00 00 00 FF  ->  00
7A 00 00 00 00 FF  ->  00 C0 FF 80 00
```

మొదటి వరుస కార్డును ఎస్‌పీఐకి మారుస్తుంది. `01` వస్తే మారింది, కానీ ఇంకా సిద్ధం కాలేదు. మూడు, నాలుగు వరుసల్ని జంటగా, `00` వచ్చేవరకూ మళ్లీ మళ్లీ పంపాలి. దానికి కొన్ని వందల మిల్లీసెకన్లు పట్టినా కంగారు పడక్కర్లేదు. చివరి జవాబులోని `C0` చాలా ముఖ్యం. ఈ కార్డు చిరునామాలను సెక్టార్ నంబర్లలో లెక్కిస్తుందని దాని అర్థం. అక్కడ `80` ఉంటే అది 2 జీబీ, అంతకు లోపు పాతరకం కార్డు. దానికి చిరునామా బైట్లలో ఇవ్వాలి, అంటే సెక్టార్ నంబరును 512తో హెచ్చించాలి. ఈ తేడా చూసుకోని ప్రోగ్రాం ఏ తప్పూ చూపించకుండానే వేరే చోట రాసేస్తుంది.

మొదటి ప్రశ్నకే `FF` తప్ప ఏమీ రాకపోతే కార్డును అనుమానించే ముందు తీగలు చూడండి. నాలుగో వరుస ఎన్నిసార్లు పంపినా `01` దగ్గరే ఆగిపోతే కార్డుకు అందే కరెంటు చూడండి. చదవడం బాగానే ఉండి, రాసేటప్పుడు మాత్రమే తప్పుతున్నా అనుమానం కరెంటు మీదకే వెళ్లాలి. రాసే సమయంలో కార్డు 100 మిల్లీయాంపుల దాకా లాగవచ్చు. ఆర్డ్వీనో ఉనోలో 3.3 వోల్టుల పిన్ను ఇవ్వగలిగేది 50 మాత్రమే. కార్డు 3.3 వోల్టుల మనిషి, ఉనో సంకేతాలు 5 వోల్టులవి. అందుకని సొంత రెగ్యులేటరూ, వోల్టేజీ తగ్గించే చిప్పూ ఉన్న మాడ్యూల్ కొనడం మేలు.

ఇక ఎంపిక. అందరూ మొదట చేసేది ఫ్యాట్32 ఫైల్ తెరిచి, నిమిషానికో వరుస చివర్లో చేర్చుకుంటూ పోవడం. కంప్యూటర్లో పెడితే ఫైల్ నేరుగా తెరుచుకుంటుంది, అదే దీని ఆకర్షణ. కానీ ఫ్యాట్‌లో ఒక ఫైల్ మూడు చోట్ల ఉంటుంది. అసలు సమాచారం ఒకచోట. దాని పేరూ, మొదలూ, పొడవూ డైరెక్టరీలో. ఒక ముక్క తర్వాత ఏ ముక్క చదవాలో ఫ్యాట్ పట్టికలో. మన వారపత్రికల్లో "మిగతా 46వ పేజీలో" అని వేసినట్టు. పట్టికకు రెండో నకలు కూడా ఉంటుంది. ఫైల్ పెరుగుతున్నకొద్దీ ఇవన్నీ మారాలి.

ఫైల్ మూయకుండా, సింక్ చేయకుండా కరెంటు పోతే డైరెక్టరీలో పొడవు పాతదే ఉండిపోతుంది. రోజంతా రాసిన అంకెలు కార్డులో ఉన్నా, కంప్యూటర్ మాత్రం ఫైల్ సైజు 0 బైట్లు అంటుంది. సరే, నిమిషానికోసారి సింక్ చేద్దామంటే డైరెక్టరీ సెక్టార్‌ను రోజుకు 1,440 సార్లు తిరగరాయాలి. ఒక్కో పేరుకు 32 బైట్లు కాబట్టి ఆ ఒక్క సెక్టార్లో 16 పేర్ల సమాచారం ఉంటుంది. సరిగ్గా దాన్ని రాస్తుండగా కరెంటు పోతే ఈరోజు ఫైల్ ఒక్కటే కాదు, దాని పక్క ఫైళ్లు కూడా దొరకవు.

దీనికి విసిగిన కొందరు ఫైల్ వ్యవస్థనే వదిలేసి నేరుగా సెక్టార్లలో రాస్తారు. రాయడానికి ఇది చాలా గట్టి పద్ధతి. కానీ ఆ కార్డును కంప్యూటర్లో పెట్టగానే "ఫార్మాట్ చేయమంటారా?" అని అడుగుతుంది. ఎవరో ఒకరు సరే నొక్కుతారు.

నేను చెప్పదలచింది ఈ రెంటి మధ్య దారి. ఫ్యాట్ ఉంటుంది, కానీ పొలంలో ఉన్నంతకాలం దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఇంట్లో కొత్తగా ఫార్మాట్ చేసిన కార్డు మీద నెలకొకటి చొప్పున 12 ఫైళ్లు ముందే పూర్తి పొడవుతో తయారు చేసి పెడతాం. 31 రోజుల నెలలో 44,640 నిమిషాలు. నిమిషానికి ఒక సెక్టార్ మొత్తం ఇచ్చేద్దాం. ఫైల్ 22.9 ఎంబీ అవుతుంది, ఏడాదికి 12 ఫైళ్లు కలిపి 275 ఎంబీ లోపే. నలభై అక్షరాల వరుసకు 512 బైట్లు ఇవ్వడం దుబారా అనిపించవచ్చు. 8 జీబీ కార్డులో అది లెక్కలోకి రాదు.

```
line = b" " * 511 + b"\n"
for m in range(1, 13):
    with open("M%02d.CSV" % m, "wb") as f:
        f.write(line * 44640)
```

ప్రతి సెక్టార్లో 511 ఖాళీలు, చివర ఒక కొత్త వరుస గుర్తు. అంటే ఫైల్ పుట్టుకతోనే సరైన టెక్స్ట్ ఫైల్. ఖాళీ కార్డు మీద వరసగా రాస్తాం కాబట్టి మామూలుగా సెక్టార్లు ఒకదాని వెంట ఒకటి పడతాయి. పడ్డాయో లేదో పెట్టె మొదలైనప్పుడే చూసుకోవాలి. SdFat లైబ్రరీలో అందుకు ఒక పిలుపు ఉంది:

```
uint32_t b, e;
if (!file.contiguousRange(&b, &e)) stop();
file.close();
uint32_t n = (day - 1) * 1440UL + hour * 60 + minute;
sd.card()->writeSector(b + n, buf);
```

ఇక్కడ `stop()` అంటే ఎర్ర దీపం వెలిగించి ఆగిపోయే మీ సొంత ఫంక్షన్. ఫైల్ తునకలుగా ఉంటే రాయడం మొదలుపెట్టనేకూడదు.

ఒక నిమిషం పట్టుకుని లెక్క చూద్దాం. జూన్ 14, ఉదయం 6:31. అంతకుముందు 13 రోజులు, 18,720 నిమిషాలు. ఆ రోజున 391. మొత్తం 19,111. జూన్ ఫైల్ 40,960వ సెక్టార్లో మొదలైందనుకుంటే రాయాల్సింది 60,071వ సెక్టార్లో. కార్డుకు వెళ్లే ఆజ్ఞ `58 00 00 EA A7 FF`. దానికి `00` వచ్చాక `FE` అనే ఒక బైటు, తర్వాత 512 బైట్లు, చివర రెండు చెక్ బైట్లు పంపుతాం. కార్డు ఇచ్చే జవాబులో కింది ఐదు బిట్లు `05` అయితే సమాచారాన్ని తీసుకుంది. తీసుకుంది అంతే, రాయడం పూర్తి కాలేదు. జవాబు తీగను కిందికి పట్టి ఉంచినంతసేపూ లోపల పని జరుగుతున్నట్టే. దానికి 250 మిల్లీసెకన్ల దాకా ఓపిక పట్టాలి. తొలిసారి చేసేవాళ్లు తొందరపడి తర్వాతి ఆజ్ఞ పంపేది ఇక్కడే.

ఈ పద్ధతిలో నాకు నచ్చింది, కరెంటు పోయి వచ్చాక "ఎక్కడిదాకా రాశాను" అని వెతుక్కోనక్కర్లేకపోవడం. గడియారమే సెక్టార్ నంబరు చెబుతుంది. పెట్టెకు చిన్న బ్యాటరీ ఉంటే కరెంటు లేని నిమిషాల్లో సున్నాలు పడతాయి. బ్యాటరీ కూడా అయిపోతే ఆ వరుసలు ఖాళీగా మిగులుతాయి. సున్నా అంటే ఫీడర్లో కరెంటు లేదని, ఖాళీ అంటే పెట్టే నిద్రపోయిందని కార్డు తీసి చూసినవాళ్లకు విడివిడిగా తెలుస్తుంది. వరుసలో ఆఖరి అంకె తర్వాత ఒక కామా వేయడం మరవకండి. అప్పుడు మిగిలిన ఖాళీలు స్ప్రెడ్‌షీట్‌లో వేరే గడిలోకి పోయి, అంకెలు అంకెలుగానే ఉంటాయి.

భారమంతా గడియారం మీద పడింది కాబట్టి దాన్ని గుడ్డిగా నమ్మకూడదు. డీఎస్3231 లాంటి చిప్పులో బటన్ బ్యాటరీ అయిపోతే తేదీ 2000 జనవరి 1కి వెళ్లిపోతుంది. గడియారం మధ్యలో ఆగిందా అన్నది చెప్పే ఒక బిట్ ఆ చిప్పులోనే ఉంది. ప్రతిసారీ దాన్ని చూసి, ఆగి ఉంటే రాయడం మానేయాలి. లేకపోతే జూన్ అంకెలు జనవరి మీద పడతాయి.

బ్యాటరీకి ఇంకో కారణమూ ఉంది. మనం రాసేది ఒక్క సెక్టార్ అయినా, కార్డు లోపల అంతకన్నా చాలా పెద్ద ముక్కలు కదులుతాయి. మధ్యలో కరెంటు పోతే పక్క సెక్టార్లు చెడే అవకాశం ఉంది. ఏ ఫైల్ పద్ధతీ దీన్ని ఆపలేదు. కెపాసిటర్ పెడదామంటే, 100 మిల్లీయాంపులు పావు సెకను ఇచ్చి, అంతలో ఒక వోల్టు మాత్రమే తగ్గాలంటే 25,000 మైక్రోఫారడ్లు కావాలి. చిన్న లిథియం సెల్లే తేలిక.

ఎంత పొడవుంటుందో ముందే తెలియని ఫోటోలకో, ధ్వనికో ఈ ఏర్పాటు పనికిరాదు. అక్కడ మామూలు ఫ్యాట్ లైబ్రరీ వాడుకుని, సింక్ ఎప్పుడు చేయాలో ఆలోచించుకోవడమే మంచిది. వాడేవాళ్లకు ఒక్క మాట: డిసెంబరు ఆఖరులోగా కార్డు తీసి 12 ఫైళ్లనూ కంప్యూటర్లోకి కాపీ చేసుకుని, పై ప్రోగ్రాంతో ఖాళీ ఫైళ్లు మళ్లీ పెట్టండి. లేదంటే జనవరి ఒకటిన కొత్త సంవత్సరం పాత జనవరి మీదే రాసుకుంటూ పోతుంది.